మన బస్సు దాటే వంతెనకు మార్కులు ఎలా వేస్తారు?



దసరా, సంక్రాంతి సెలవులు అయ్యాక మనం హాస్టలుకి తిరిగి వచ్చేటప్పుడు బస్సు వాగు మీది వంతెన ఎక్కగానే టక్, టక్, టక్ అని చప్పుడు వచ్చేది గుర్తుందా? మేం లెక్కపెట్టేవాళ్లం. సరిగ్గా ఐదు. ఐదో చప్పుడు అయ్యాక పెట్టెలు సర్దుకునేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ రోడ్డుకి కొత్తగా తారు వేశారు. చప్పుడు ఆగిపోయింది. రోడ్డు ఎంత నున్నగా ఉందోనని సంతోషపడ్డాం. అది సంతోషపడాల్సిన విషయం కాదని పదేళ్లకు, ఎం.టెక్ ప్రాజెక్టు కోసం మళ్లీ అలాంటి వంతెన కిందికే దిగినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఆ చప్పుడు వచ్చే చోటును ఎక్స్‌పాన్షన్ జాయింటు అంటారు. ఎండకు కాంక్రీటు కూడా పెరుగుతుంది. 20 మీటర్ల పొడవున్న స్లాబు వేడి 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలం తెల్లవారుజాముకీ ఎండాకాలం మధ్యాహ్నానికీ 35 డిగ్రీల తేడా వేసుకుంటే ఎనిమిది మిల్లీమీటర్లకు పైనే. ఆ సాగుడుకి చోటు ఉండాలని రెండు స్లాబుల మధ్య సందు వదులుతారు. ఆ సందులోంచి నీళ్లు కిందికి కారకుండా మూసి ఉంచే అమరికే జాయింటు. రోడ్డు వేసేవాళ్లు దాని మీద కూడా తారు పరిచేస్తే ఏడాది తిరక్కుండానే తారు పగులుతుంది. లోపలి సీలు ఎప్పుడు చిరిగిందో పైనుంచి ఎవరికీ కనిపించదు.

మా ప్రాజెక్టు వంతెన నాలుగు స్పాన్ల టీ-బీమ్ వంతెన. ఒక్కో స్పాను 20 మీటర్లు, ఒక్కో స్పాను కింద మూడు గర్డర్లు. గర్డరు అంటే స్లాబు బరువు మోసే దూలం. మొత్తం 12 గర్డర్లు. ప్రతి గర్డరుకీ ఒక చివర కదలకుండా పట్టుకునే రాకర్ బేరింగు, రెండో చివర ముందుకీ వెనక్కీ దొర్లే రోలర్ బేరింగు ఉన్నాయి. ఇవి పాతకాలపు ఇనుప బేరింగులు. ఈ మధ్య కట్టేవాటిలో ఎక్కువగా రబ్బరు దిండ్లలాంటివి పెడుతున్నారు.

అమెరికాలో వంతెన భాగాలకు 0 నుంచి 9 వరకు అంకెలు వేస్తారు. కొత్తదానిలా ఉంటే 9, ఫర్వాలేదంటే 5 లేదా 6, బాగా దెబ్బతింటే 4, పడిపోయినదానికి 0. మా సార్ ఆ స్కేలే వాడమన్నారు. అంకె వేయడం పెద్ద పని కాదు, ఆ అంకె ఎందుకు వేశావో ఫొటోతో చూపించడమే పని అని ముందే చెప్పారు.

మొదటి రోజు నేనూ నా స్నేహితుడూ సెల్‌ఫోన్లతో 212 ఫొటోలు తీశాం. రాత్రి గదికి వచ్చి చూసుకుంటే అన్నీ ఒకేలా ఉన్నాయి! తుప్పు పట్టిన రోలరు ఒకటి కనబడుతోంది గానీ అది రెండో స్తంభం మీదిదా, మూడో స్తంభం మీదిదా తేలలేదు. నాకు రెండోదనిపించింది, వాడు మూడోదన్నాడు. సార్ ఆ రెండు వందల ఫొటోలూ పక్కన పెట్టించి మర్నాడు మళ్లీ పంపించారు. “నువ్వు ఊహించి రాస్తే రేపు కాంట్రాక్టరు బాగున్న బేరింగు మారుస్తాడు, చెడిపోయింది అలాగే ఉంటుంది” అన్నారు.

రెండో రోజు సుద్దముక్కలు పట్టుకుపోయాం. స్పాన్లకు పట్నం వైపు నుంచి 1, 2, 3, 4. గర్డర్లకు వాగు నీటిని బట్టి ఎగువ, మధ్య, దిగువ. ఫొటో తీసే ముందు ఆ పేరు కాంక్రీటు మీదే సుద్దతో రాసేవాళ్లం. ప్రతి లోపానికీ రెండు ఫొటోలు: దూరం నుంచి ఒకటి, అది ఎక్కడుందో తెలియడానికి, దగ్గర నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి, ఎంతుందో తెలియడానికి. స్కేలు లేని పగులు ఫొటోలో వెంట్రుకంత పగులు కూడా అగాధంలా కనిపిస్తుంది.

ఇక చూసిన సంగతి చెబుతాను. రెండో స్తంభం మీది మూడో జాయింటు దగ్గర తారు అడ్డంగా చీలి ఉంది. కిందికి వెళ్లి చూస్తే స్తంభం తల మీద జానెడు మట్టి, దానిలో రావి మొక్క. రావి మొక్క ఉందంటే అక్కడ నీళ్లు ఏళ్ల తరబడి కారుతున్నాయని వేరే పరికరం లేకుండానే తెలుస్తుంది. రోలర్లు ఆ మట్టిలో సగం కూరుకుపోయి ఉన్నాయి.

రోలరు నిజంగా బిగుసుకుపోయిందా, పైకి తుప్పు కనబడుతోందా? దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఉదయం ఆరున్నరకు గర్డరు మీదా, కింది పలక మీదా ఒకే వరుసలో రెండు గీతలు గీశాం. మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి ఆ గీతల మధ్య ఎడం కొలిచాం. మొదటి స్తంభం దగ్గర రెండు మిల్లీమీటర్లు జరిగింది, అంటే రోలరు దొర్లుతోంది. రెండో స్తంభం దగ్గర దిగువ గర్డరు అర మిల్లీమీటరు దగ్గరే ఆగిపోయింది. కొలిచిన ప్రతిసారీ టైమూ, ఉష్ణోగ్రతా రాయాలి. అవి లేకపోతే ఆ కొలతకు అర్థం లేదు.

రోలరు బిగుసుకుంటే ఏమవుతుంది? ఒక్కో బేరింగు మీద వంతెన సొంత బరువే సుమారు 40 టన్నులుంటుందని లెక్కవేశాం. బాగున్న రోలరును జరపడానికి ఆ బరువులో వందకు మూడు వంతుల తోపు, అంటే 1.2 టన్నులు చాలు. అదే దొర్లకుండా ఇనుము మీద ఇనుము రాసుకుంటూ జరగాలంటే వందకు ముప్పై వంతులైనా కావాలి, అంటే 12 టన్నులు. ఎండ మాత్రం ఆగదు. రోజూ ఆ పది రెట్ల తోపును స్తంభం తలా, గర్డరు చివరా భరిస్తాయి.

ఆ భారం ఫలితం దిగువ గర్డరు చివర కనిపించింది. బేరింగు దగ్గర మొదలై ఏటవాలుగా పైకి పోతున్న పగులు, వెడల్పు 0.4 మిల్లీమీటరు. స్పాను మధ్యలో నిలువుగా సన్నటి పగుళ్లు ఇంకో నాలుగు గర్డర్లకు ఉన్నాయి గానీ అవి 0.1 దాటలేదు. ఇనుము ఉన్న దూలంలో అలాంటివి మామూలే. చివర్లో ఏటవాలు పగులు అలా కాదు, అక్కడ దూలం కోతకు గురవుతోందని అర్థం. సుత్తితో తట్టి చూశాం. సంతలో మా అమ్మ కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తుంది చూడండి, అదే విద్య. బాగున్న చోట ఖంగుమంది, చివర బోలుగా డబడబలాడింది. పెచ్చు ఊడిన చోట కనిపిస్తున్న 32 మిల్లీమీటర్ల కడ్డీ తుప్పు గీకి కొలిస్తే 29 వచ్చింది. మూడు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను. కానీ కడ్డీ బలం దాని కోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. లెక్కేస్తే వందకు 18 వంతులు పోయింది.

మార్కులు వేసేటప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. 12 గర్డర్లకూ విడివిడిగా వేసి, మన పరీక్షల్లో లాగా సగటు తీశాను. 6 వచ్చింది. వంతెన బాగానే ఉందని రాశాను. సార్ ఎర్రపెన్ను తీసి ఆ 6 కొట్టేశారు. పదకొండు మంది పాసై ఒకడు ఫెయిలైతే క్లాసు ఆగదు గానీ, ఒక్క గర్డరు ఫెయిలైతే లారీ ఆగుతుందా అని అడిగారు. చివరికి పట్టికలో రెండో స్పాను దిగువ గర్డరుకి 4, దాని రోలరుకి 3, మూడో జాయింటుకి 3 అని విడిగా పెట్టాం.

మరి ముందు ఏది బాగుచేయాలి? తక్కువ మార్కు వచ్చింది కాబట్టి రోలరు మార్పించాలని రాశాను. సార్ అడిగినవి రెండే ప్రశ్నలు. పైన జాయింటు కారుతూనే ఉంటే కొత్త రోలరు ఎన్నాళ్లుంటుంది? రోలరు మార్చడానికి స్లాబు పైకి లేపాలి కదా, జాకీ ఎక్కడ పెడతావు? రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. స్తంభం తల మీద జాకీకి చోటుందో లేదో నేను చూడనే లేదు. లేపితే ఆ బరువంతా బోలు చప్పుడు వచ్చిన కాంక్రీటు పక్కనే పడుతుంది. మూడోసారి వెళ్లి కొలుచుకొచ్చాం.

అప్పుడు వరుస మారింది. ఆ వారమే చేయాల్సినవి: బరువు లారీలను ఆ వంతెన మీదికి రానివ్వకపోవడం, ఏటవాలు పగులు మీద గాజుపలక అతికించడం. పగులు పెరిగితే గాజు విరిగి చెబుతుంది. దాంతోపాటు స్తంభాల తల మీది మట్టి తీయడం, రోడ్డు మీది నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయడం. దీనికి నలుగురు కూలీలు రెండు రోజులు చాలు. వానలకు ముందు మూడో జాయింటు మీది తారు తవ్వి కొత్త సీలు వేయడం. తరువాత దిగువ గర్డరు చివర పాడైన కాంక్రీటు తీసి, అదనపు కడ్డీ కట్టి బాగుచేయడం. అది గట్టిపడ్డాకే రాకపోకలు ఆపి, జాకీలతో లేపి రోలర్లు మార్చడం. మార్కులో అన్నిటికన్నా కిందున్న రోలరు వరుసలో ఆఖరుకు పోయింది.

ఇంత రాసినా ఎవరూ చదవకపోతే? అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో ఫెర్న్ హాలో వంతెన 2022 జనవరి 28న కూలింది. అప్పుడు దాని మీద ఒక సిటీ బస్సు, నాలుగు కార్లు ఉన్నాయి. కొందరు గాయపడ్డారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. ఆ వంతెనకు 2011 నుంచీ తనిఖీల్లో దెబ్బతిన్నదనే గ్రేడే వస్తోంది. నీటి దారులు పూడి, వంతెన కాళ్ల దగ్గర చెత్త, తేమ నిలిచి ఉక్కు తినేసిందని, శుభ్రం చేయమని నివేదికల్లో ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చారు. ఆ సిఫారసులను అమలు చేయకపోవడమే కారణంలో భాగమని దర్యాప్తు సంస్థ తేల్చింది. మా పట్టికలో నలుగురు కూలీల పని అని రాసిన వరస చదివినప్పుడల్లా నాకు ఆ వంతెనే గుర్తొస్తుంది.

మా నివేదిక 31 పేజీలైంది. మొదటి పేజీలో ఫొటోలు లేవు, పట్టిక లేదు. ఆ వారంలో చేయాల్సిన పనులు మాత్రమే ఉన్నాయి. సంబంధిత ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. నెల తరువాత బస్సులో ఆ వంతెన దాటాను. మట్టి తీశారో లేదో బస్సులోంచి కనబడదు. కానీ వంతెన మొదట్లో బరువు లారీలు వెళ్లరాదని పసుపు బోర్డు పెట్టారు. మూడో జాయింటు మీద తారు ఇంకా అలాగే ఉంది, చప్పుడు రాలేదు.