కప్పు కనిపించగానే కొనేయాలా?

2021 నవంబర్ మొదటి వారంలో బిట్‌కాయిన్ డైలీ చార్టు తెరిచినవాళ్లకు పాఠ్యపుస్తకంలో బొమ్మే ఎదురుగా కనిపించింది. ఏప్రిల్ మధ్యలో 64,800 డాలర్ల దగ్గర ఎడమ అంచు. జూన్, జులైల్లో ధర 29,000 దాకా దిగి, ఆ చుట్టుపక్కలే తచ్చాడి, అక్టోబర్ 20 నాటికి 67,000కి వచ్చింది. ఆపైన వారం రోజులు జారి 58,000 తాకింది. కప్పు తయారైంది, పక్కన చిన్న పిడి కూడా అతుక్కుంది. నవంబర్ రెండో వారంలో ధర పిడిని దాటి కొత్త శిఖరం ఎక్కగానే చాలామంది కొన్నారు. 10వ తేదీన 69,000 తాకింది, ఆ రోజే 65,000 దరిదాపులకు జారింది. ఆ 69,000ని మళ్లీ చూడటానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది.

తమాషా ఏమిటంటే, ఆ పడటమూ లేవటమూ కలిసి ఇంకో పెద్ద కప్పుగా మారాయి. అదేమంత అందమైన కప్పు కాదు. లోతు మరీ ఎక్కువ, పిడి మరీ పొడుగు. అయినా చివరికి పారింది అదే.

ఈ ఆకారాన్ని కొలతలతో సహా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ మదుపరి విలియం ఓనీల్. ఆయన పుస్తకం ‘హౌ టు మేక్ మనీ ఇన్ స్టాక్స్’ 1988లో వచ్చింది. ఆయన లెక్క ప్రకారం మంచి కప్పు లోతు శిఖరం నుంచి 12 నుంచి 33 శాతం దాకా ఉండాలి. మార్కెట్ మొత్తం దెబ్బతిన్నప్పుడు ఇంకాస్త ఎక్కువైనా ఫరవాలేదు. కనీసం ఏడు వారాలు పట్టాలి. పిడి కప్పు పైసగంలోనే ఏర్పడాలి, వారానికి తక్కువ కాకూడదు. పిడి దాటే రోజున వాల్యూమ్ మామూలు కంటే కనీసం 40, 50 శాతం ఎక్కువ ఉండాలి. రౌండింగ్ బాటమ్ దీనికి దగ్గర చుట్టమే. దానికి పిడి అక్కర్లేదు, పైగా అది బాగా పడిన తర్వాత అడుగున ఏర్పడే మలుపు. కప్పేమో ముందునుంచీ పెరుగుతున్న ధర మధ్యలో తీసుకునే విశ్రాంతి.

ఈ కొలతల వెనక ఉన్నది మనుషుల ప్రవర్తన. ఎడమ అంచులో కొన్నవాళ్లు ఇరుక్కుపోతారు. పడుతున్నంతసేపూ ‘నా డబ్బు నాకొస్తే చాలు’ అనుకుంటూ కూర్చుంటారు. ధర మళ్లీ అంచుకు రాగానే వాళ్లంతా అమ్మేస్తారు కాబట్టే అక్కడ పిడి ఏర్పడుతుంది. అడుగున ఎక్కువ కాలం గడిస్తే భయపడి అమ్మాల్సినవాళ్లు అప్పటికే అమ్మేసి ఉంటారు. పిడిలో వాల్యూమ్ తగ్గిపోతే అమ్మేవాళ్లు అయిపోతున్నారని అర్థం. ఇది తెలిస్తే అంకెలను కాయిన్లకు ఎలా సర్దుకోవాలో కూడా తెలుస్తుంది.

మొదట లోతు. 2021 కప్పు లోతు దాదాపు 55 శాతం, ఆ తర్వాతి పెద్ద కప్పు లోతు 77 శాతం. 69,000 నుంచి 2022 నవంబర్ 21న 15,500 దాకా పడింది మరి. ఓనీల్ అయితే రెండింటినీ చెత్తబుట్టలో వేసేవాడు. కానీ సగానికి సగం పడటం బిట్‌కాయిన్‌కు కొత్త కాదు. అందుకని లోతును ఆ కాయిన్ చరిత్రతోనే పోల్చుకోవాలి, షేర్లతో కాదు.

ఇక్కడ కళ్లను మోసం చేసే సంగతి ఒకటుంది. మామూలు స్కేలు మీద 69,000 నుంచి 34,500కి పడటం పెద్ద లోయలా కనిపిస్తుంది. 34,500 నుంచి 17,250కి పడటం అందులో సగమే అనిపిస్తుంది. నిజానికి రెండూ సగానికి సగం పడటమే. అడుగున 16,000 నుంచి 24,000కి ధర ఎగిరినా అది చిన్న మిట్టలా కనిపిస్తుంది, కానీ అది 50 శాతం కదలిక. అంటే బాగా పడిన ఏ కాయిన్ అయినా మామూలు స్కేలులో అడుగున గుండ్రంగానే అగుపిస్తుంది. ‘అబ్బ, ఎంత చక్కని రౌండింగ్ బాటమ్’ అని ఎవరైనా చార్టు చూపిస్తే, ముందు దాన్ని లాగ్ స్కేలులోకి మార్చమనండి. అక్కడ కూడా గుండ్రంగా ఉంటేనే గుండ్రం. కోసుగా ‘వి’ ఆకారం బయటపడితే మాట్లాడేదేం లేదు.

ఈ పరీక్షకు 2022 అడుగు చాలావరకు నిలబడింది. జూన్‌లో 17,600కి పడ్డాక, ఆగస్టులో 25,200 దాకా లేచి, మళ్లీ 20,000 చుట్టూ నెలల తరబడి తిరిగింది. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కూలినప్పుడు 15,500 చూసింది. అంత పెద్ద సంస్థ దివాలా తీసినా ధర జూన్ అడుగు కంటే మరో 12 శాతమే కిందికి పోయింది. అమ్మేవాళ్లు అయిపోయారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఆ చార్టులో లేదు. 2023 మార్చి మధ్యలో ధర 25,200 దాటింది. తొమ్మిది నెలల రౌండింగ్ బాటమ్ అన్నమాట. లోతు 9,700 డాలర్లు. దాన్ని అంచుకు కలిపితే 34,900 లక్ష్యం వస్తుంది. అక్టోబర్ చివర్లో ధర 35,000 తాకింది. కానీ ఈలోగా జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ 25,000 కిందికి ఒక్కసారి తొంగిచూసి వెనక్కొచ్చింది. స్టాప్‌లాస్‌ను సరిగ్గా అంచు కింద పెట్టుకున్నవాళ్లు బయటపడ్డాకే ధర లక్ష్యానికి వెళ్లింది.

కాలం విషయానికొస్తే, కప్పు మొత్తానికి ఎన్ని వారాలు పట్టిందన్నదాని కంటే ఆ వారాలు ఎక్కడ గడిచాయన్నది ముఖ్యం. 2021 కప్పుకు మొత్తం 27 వారాలు పట్టింది. వినడానికి బాగానే ఉంది. కుడి గోడ చూస్తే, సెప్టెంబర్ చివరి 41,000 నుంచి 67,000 దాకా మూడే వారాల్లో నిట్టనిలువునా లేచింది. అమెరికాలో బిట్‌కాయిన్ ఫ్యూచర్స్ ఈటీఎఫ్ వస్తోందన్న ఉత్సాహం అది. పిడి ఒక్క వారమే. పాత అంచులో ఇరుక్కున్నవాళ్లు అమ్ముకోవడానికి ఆ కాస్త వ్యవధి ఏం సరిపోతుంది? 2024 పిడి దీనికి పూర్తిగా తలకిందులు. మార్చి 14న 73,700 దాటిన శిఖరం చూశాక నవంబర్ దాకా 34 వారాలు నానింది. ఆగస్టు 5న ప్రపంచ మార్కెట్లన్నీ కుదేలైన రోజున 49,000 తాకింది. కప్పు అంచు 69,000, అడుగు 15,500. ఆ రెండింటి మధ్య 42,250. ఎంత భయంకరంగా కనిపించినా పిడి పైసగంలోనే ఉంది.

ఇక వాల్యూమ్. కాయిన్ల విషయంలో నిజమైన తలనొప్పి ఇదే. ఆర్డరు ఎక్కడ కుదిరినా లెక్క ఏదో ఒక అధికారిక ఎక్స్ఛేంజ్‌కు చేరే వ్యవస్థ షేర్లకుంది. కాయిన్‌కు అలాంటి లెక్క లేదు. ఎవరి ఎక్స్ఛేంజ్ వాల్యూమ్ వాళ్లు చెప్పుకున్నదే. అప్పట్లో ప్రకటించిన బిట్‌కాయిన్ వాల్యూమ్‌లో 95 శాతం బూటకమేనని బిట్‌వైజ్ సంస్థ 2019లో అమెరికా ఎస్ఈసీకి నివేదించింది.

బూటకం లేనిచోట కూడా పట్టీలు దారి తప్పిస్తాయి. మనం చెప్పుకున్న రౌండింగ్ బాటమ్‌నే బైనాన్స్ `BTCUSDT` చార్టులో చూడండి. సూత్రం ప్రకారం అడుగున వాల్యూమ్ సన్నబడాలి. ఇక్కడ 2022 జులై నుంచి ఒక్కసారిగా ఉబ్బిపోయి, 2023 మార్చి చివర్లో కుప్పకూలుతుంది. పెద్దమనుషులెవరో అడుగున మూటలు కట్టుకున్నారని కథలల్లడం తేలిక. జరిగింది వేరు. 2022 జులై 8న బైనాన్స్ బిట్‌కాయిన్ లావాదేవీలకు ఫీజు ఎత్తేసింది, 2023 మార్చి 22న చాలా జతలకు మళ్లీ పెట్టింది. ఫీజు లేకపోతే ఒకటే కాయిన్ వందసార్లు చేతులు మారినా ఖర్చుండదు. బ్రేకౌట్ వచ్చింది సరిగ్గా ఆ ఆఫర్ చివరి రోజుల్లో. ఆ వాల్యూమ్ చూసి ధైర్యపడినా, వారం తర్వాతి ఖాళీ పట్టీలు చూసి భయపడినా రెండూ పొరపాటే. ఇలాంటప్పుడు కాయిన్‌బేస్ `BTCUSD` లాంటి ఇంకో ఎక్స్ఛేంజ్ చార్టు పక్కన పెట్టుకుని, రెండింటిలోనూ కనిపించిందే నమ్మాలి.

యూనిట్ కూడా చూసుకోవాలి. చార్టు కింద పట్టీలు సాధారణంగా కాయిన్ల లెక్కలో ఉంటాయి. 16,000 దగ్గర వంద కాయిన్లంటే 16 లక్షల డాలర్లు. 70,000 దగ్గర అదే వంద 70 లక్షలు. కుడి అంచులో పట్టీలు పొట్టిగా కనిపించినా డబ్బు ఎక్కువే వస్తూండొచ్చు. అందుకే పట్టీని రెండేళ్ల నాటి పట్టీతో కాకుండా అంతకుముందు 50 రోజుల సగటుతో పోల్చాలి. ఆ కొలతతో చూస్తే 2021 నవంబర్ బ్రేకౌట్‌లో వాల్యూమ్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. కాస్త పెద్ద పట్టీ ఉన్నది 10న, అంటే ధర తలకిందులైన రోజున. 2024 నవంబర్ 6న, ట్రంప్ గెలుపు ఖాయమైన రోజున, ధర 73,700 దాటినప్పుడు బైనాన్స్‌లో వాల్యూమ్ సగటుకు రెట్టింపు దాటింది. ఆ ఏడాది జనవరిలో అనుమతి పొందిన స్పాట్ ఈటీఎఫ్‌లలో చేతులు మారిన డబ్బు ఇందులో లేనే లేదు, అది స్టాక్ ఎక్స్ఛేంజ్ లెక్కలోకి పోతుంది. నా దృష్టిలో ఈ రెండు కప్పుల మధ్య అసలు తేడా ఆ రెండు నవంబర్ పట్టీలదే.

ఆ తర్వాత ధర డిసెంబర్‌లో లక్ష దాటింది. 2025 ఏప్రిల్‌లో 74,500 దాకా పడి, దాటిన అంచు మీదే కాలుపెట్టి లేచింది. కప్పు లోతు 53,500 డాలర్లను 73,700కి కలిపితే 1,27,200. 2025 అక్టోబర్ శిఖరం 1,26,000 పైచిలుకు. చూసి మురిసిపోయే ముందు ఇంకో లెక్క వేయండి. లాగ్ స్కేలు మీద అదే కప్పును కొలిస్తే లక్ష్యం మూడు లక్షలు దాటుతుంది. ఆ అంకె నమ్ముకుని అమ్మకుండా కూర్చున్నవాళ్లు నవంబర్‌లో ధర లక్ష కిందికి దిగడం చూశారు. ఆకారాన్ని పరీక్షించడానికి లాగ్ మంచిదే కానీ లోతైన కప్పుల లక్ష్యానికి దాన్ని వాడితే ఆశ హద్దు దాటుతుంది.

మన దేశంలో ఈ పని చేసేవాళ్లకు ఇంకో రెండు చిక్కులున్నాయి. రూపాయి చార్టులో కప్పు ఒంగిపోతుంది. 2021 నవంబర్‌లో డాలర్ 74 రూపాయల చిల్లర, 2024 మార్చి నాటికి 83 దగ్గర. డాలర్ చార్టులో ఇంకా అంచు అందకముందే, 62,000 దగ్గరే రూపాయి చార్టు పాత శిఖరాన్ని దాటేసి బ్రేకౌట్ చూపించింది. కప్పును డాలర్లలోనే కొలవాలి. రెండోది పన్ను. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం కట్టాలి, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీల్లేదు. ఆ జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా పడుతోంది. ఈ పద్ధతంతా నడిచేది చిన్న చిన్న స్టాప్‌లాస్‌లు తగిలినా ఒక పెద్ద లాభం వాటిని కప్పేస్తుందన్న లెక్క మీద. మూడుసార్లు పదేసి వేలు పోయి నాలుగోసారి నలభై వేలు వస్తే చేతిలో మిగిలినట్టు కనిపించేది పదివేలు. పన్ను మాత్రం నలభై వేల మీద పన్నెండు వేలు, సెస్సు అదనం.