ఎర్ర అంకె ఉంటే ఆఫీసు మూసినట్టేనా?

అపోహ: సెలవుల జాబితాలో పండుగ పేరుంటే ఆ రోజు ఆఫీసులన్నీ బంద్.

వాస్తవం: తెలంగాణ సాధారణ పరిపాలన శాఖ ఏటా ఇచ్చే ఉత్తర్వులో రెండు పట్టికలుంటాయి. మొదటిది సాధారణ సెలవులది. ఆ రోజుల్లోనే ఆఫీసుకు తాళం పడుతుంది. రెండోది ఐచ్ఛిక సెలవులది, అంటే ఆప్షనల్ హాలిడేలు. వీటిలో ఒక ఉద్యోగి, తన మతం ఏదైనా సరే, ఏడాదికి ఐదు రోజుల దాకా ఎంచుకుని, పైఅధికారికి ముందే దరఖాస్తు పెట్టుకుని తీసుకోవచ్చు. సెలవు ఆ ఉద్యోగిది, ఆఫీసుది కాదు. గోడమీది క్యాలెండర్‌లో మాత్రం రెండు పట్టికల పండుగలూ పక్కపక్కనే కనిపిస్తాయి. పల్లె నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చే రైతుకు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అపోహ: అచ్చంపేటలో ఒక సర్కారు ఆఫీసు మూస్తే మిగతావీ మూస్తారు.

వాస్తవం: 2025 మే 12, సోమవారం, బుద్ధ పూర్ణిమ. కేంద్రం జాబితాలో అది గెజిటెడ్ సెలవు, కాబట్టి పోస్టాఫీసుకు సెలవు. రాష్ట్ర ఉత్తర్వులో అదే పండుగ ఐచ్ఛిక పట్టికలో ఉంది. అందుకే తహసీల్దారు కార్యాలయానికి, ఆర్డీఓ కార్యాలయానికి అది పనిదినం. అదే ఏడాది జూలై 21న బోనాలకు లెక్క తిరగబడింది. రాష్ట్ర ఆఫీసులకు సాధారణ సెలవు. కేంద్రం గెజిటెడ్ జాబితాలో మాత్రం బోనాలు లేవు.

అందుకని ముందు ఆ ఆఫీసు ఎవరిదో తేల్చుకోవాలి. రాష్ట్రానిదైతే మొదటి పట్టిక చూడాలి. కేంద్రానిదైతే గెజిటెడ్ జాబితా చూడాలి. కేంద్రం వాళ్ల రిస్ట్రిక్టెడ్ సెలవులు కూడా మన ఐచ్ఛిక సెలవుల్లాంటివే, కాకపోతే ఉద్యోగికి ఏడాదికి రెండే.

బ్యాంకు సంగతి పూర్తిగా వేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రకటించే సెలవులే దానికి వర్తిస్తాయి. ఏప్రిల్ 1న లెక్కల ముగింపు కోసం బ్యాంకు మూస్తారు, వేరే సెలవు పడకపోతే తహసీల్దారు ఆఫీసు తెరిచే ఉంటుంది. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకుకు సెలవు. మొదటి, మూడో శనివారాలు పనిదినాలు.

అపోహ: ఆఫీసు తెరిచి ఉంటే పని అయిపోతుంది.

వాస్తవం: ఐచ్ఛిక సెలవు రోజున తలుపులు తెరిచే ఉన్నా, మీ ఫైలు చూసే ఉద్యోగి ఆ సెలవు వాడుకుని ఉండవచ్చు. ప్రైవేటు వ్యక్తి నడిపే మీసేవ కేంద్రం సాధారణ సెలవు రోజున తెరిచి ఉండవచ్చు. అక్కడ దరఖాస్తు తీసుకున్నా, ధ్రువపత్రంపై ఆమోదం తెలపాల్సింది తహసీల్దారు కార్యాలయమే గనుక పనిదినం దాకా ఆగాల్సిందే.

అపోహ: ముందే వచ్చిన జాబితా ఏడాదంతా మారదు.

వాస్తవం: రంజాన్, బక్రీద్ వంటివి నెలవంకను బట్టి మారవచ్చు, అప్పుడు సవరణ ఉత్తర్వు వస్తుంది. ఎన్నికల పోలింగు రోజుకు విడిగా సెలవు ప్రకటిస్తారు. జాతరలకు కలెక్టరు స్థానిక సెలవు ఇవ్వవచ్చు. అలాంటి ఉత్తర్వు వస్తే అది ఏ మండలాలకో, బడులకు మాత్రమేనా, ఆఫీసులకు కూడానా అన్నది అందులోనే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివాకే బస్సెక్కండి.