క్షేత్రం కాని క్షేత్రం

భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’లో ఒక చిత్రమైన లెక్క ఉంది. అందులో ఒక త్రిభుజానికి భుజాలు 3, 6, 9. ఒక చతుర్భుజానికి 3, 6, 2, 12. ఇలాంటి ఆకారాలు ఉన్నాయని చెప్పేవాణ్ణి ఆయన ‘ధృష్టుడు’ అన్నాడు. వెనకాముందూ చూడకుండా తెగించి మాట్లాడేవాడని దాని అర్థం. ఆ ఆకారాలకు ఆయన పెట్టిన పేరు ‘అక్షేత్రం’, అంటే క్షేత్రమే కానిది. ఒక భుజం మిగిలిన భుజాల మొత్తానికి సమానమైనా, అంతకు మించినా అది అక్షేత్రమే. నమ్మనివాళ్లకు ఏం చేసి చూపాలో కూడా వివరణలో రాశాడు: ఆ కొలతలకు తిన్నని పుల్లలు తీసుకుని భుజాల చోట పేర్చండి, కుదరదని కంటికే కనిపిస్తుంది.

ఆ పని ఇప్పుడైనా ఎవరైనా చేసి చూడొచ్చు. మూడు చీపురు పుల్లలను 3, 6, 9 అంగుళాలకు తుంచాలి. తొమ్మిది అంగుళాల పుల్లను నేలమీద పెట్టి, దాని ఒక కొసకు మూడంగుళాలది, రెండో కొసకు ఆరంగుళాలది ఆనించాలి. ఇప్పుడు రెండింటి చివరలనూ కలపాలంటే వాటిని కిందికి వాల్చుకుంటూ పోవాలి. అవి కలిసేసరికి రెండూ పెద్ద పుల్ల మీద బోర్లా పడుకుని ఉంటాయి. మూలా లేదు, లోపల చోటూ లేదు. ఆరంగుళాల పుల్ల నుంచి ఒక్క అంగుళం తుంచేస్తే పూర్తిగా వాల్చినా చివరలు కలవవు, మధ్యలో అంగుళం సందు మిగిలిపోతుంది. అదే పుల్ల ఏడంగుళాలదైతే రెండు చివరలూ నేలకు పైన కలుసుకుంటాయి, త్రిభుజం నిలబడుతుంది.

అందుకే పరీక్షకు ఒక్క కూడిక చాలు. మూడు కొలతల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని పక్కన పెట్టి, మిగిలిన రెండూ కూడాలి. మొత్తం పెద్దదాన్ని మించితే త్రిభుజం వస్తుంది, లేకపోతే రాదు. మిగతా జతలను చూడనక్కర్లేదు, ఎందుకంటే పెద్ద భుజం ఒక పక్కన చేరాక ఆ మొత్తం మూడోదాన్ని ఎలాగూ మించుతుంది.

రెండు భుజాలే తెలిసి మూడోది తెలియనప్పుడు చిక్కు మొదలవుతుంది. ఏడో తరగతి పిల్లలు తరచూ తడబడేది ఇక్కడే. భుజాలు 6, 10 సెంటీమీటర్లు అయితే మూడోది ఎంత ఉండొచ్చు? 16 కన్నా తక్కువ అని చాలామంది వెంటనే చెప్పి ఆగిపోతారు. మరి మూడోది 3 అయితే? అది 16 కన్నా తక్కువే. కానీ 3, 6 కలిస్తే 9, అది పదిని అందుకోదు. పైన ఒక హద్దు ఉన్నట్టే కింద కూడా ఒకటి ఉంది.

రెండు పుల్లలను ఒక కొసన కలిపి, కత్తెరలా తెరిచి మూస్తే ఆ రెండు హద్దులూ చేతిలోనే తెలుస్తాయి. పూర్తిగా తెరిచి ఒకే గీత చేస్తే బయటి కొసల మధ్య దూరం 16. పూర్తిగా మూసి ఒకదాని మీద ఒకటి వేస్తే 4. మూలను ఎంత తెరిచి పెట్టినా ఆ దూరం 4కూ 16కూ మధ్యనే ఉంటుంది. అంటే మూడో భుజం మిగిలిన రెండింటి తేడా కన్నా ఎక్కువ, మొత్తం కన్నా తక్కువ. పూర్ణ సంఖ్యలే కావాలంటే 5 నుంచి 15 వరకు, పదకొండు జవాబులు.

ఈ పుల్లల లెక్క ఇళ్ల స్థలాల దగ్గర డబ్బు లెక్క అవుతుంది. రోడ్డు మలుపులో మూడు మూలల బిట్టు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. కాగితంలో భుజాలు 40, 60, 105 అడుగులని ఉంది. నలభై, అరవై కలిస్తే వందే. ఆ స్థలం నేలమీద ఉండొచ్చు గానీ, ఆ కొలతలతో మాత్రం ఉండదు. వైశాల్యానికి హెరాన్ సూత్రం వాడినా ఇదే బయటపడుతుంది. చుట్టుకొలతలో సగం 102.5. అందులోంచి ఒక్కో భుజాన్ని తీసేస్తే 62.5, 42.5, చివరిది –2.5. ఈ నాలుగింటినీ గుణించి వర్గమూలం కట్టాలి. గుణిస్తే రుణ సంఖ్య వస్తుంది కాబట్టి క్యాలిక్యులేటర్ అక్కడే ఆగిపోతుంది.

తప్పు ఎక్కడ జరిగి ఉంటుంది? పొడవాటి భుజాన్నే మొదట అనుమానించాలి. టేపు మధ్యలో వేలాడితే అసలు దూరం కన్నా ఎక్కువ చూపిస్తుంది. రోడ్డు వంపు వెంబడి టేపు వేసుకుంటూ పోయినా అంతే, తిన్నని భుజం బదులు వంపు పొడవు కాగితం మీదికి ఎక్కుతుంది.

105 లాంటి తప్పు ఇట్టే దొరికిపోతుంది. హద్దుకు లోపల, హద్దును దాదాపు ఆనుకుని ఉండే కొలతే అసలు ప్రమాదం. అదే బిట్టుకు మూడో భుజం 99 అడుగులు అనుకుందాం. పరీక్షలో నెగ్గింది. వైశాల్యం కడితే సుమారు 342 చదరపుటడుగులు, అంటే 38 గజాలు. ఇప్పుడు ఆ ఒక్క భుజం దగ్గర టేపు ఒక అడుగు ఎక్కువ చూపించిందని, అసలు దూరం 98 అని తేలిందనుకోండి. వైశాల్యం 477 చదరపుటడుగులకు పెరుగుతుంది, అంటే 53 గజాలు. భుజం ఒక అడుగు తగ్గితే స్థలం పదిహేను గజాలు పెరిగింది! వినడానికి తలకిందులుగా ఉన్నా కారణం పుల్లల్లోనే ఉంది. దాదాపు పడుకున్న రెండు పుల్లల కొసలను కాస్త దగ్గరికి లాగితే వాటి మధ్య మూల చటుక్కున పైకి లేస్తుంది.

అదే 40, 60 అడుగుల భుజాలకు మూడోది 70 అయితే వైశాల్యం సుమారు 1,198 చదరపుటడుగులు. దాన్ని 69గా కొలిచినా సుమారు 1,195 వస్తుంది. అక్కడా ఒక అడుగే తేడా, కానీ మారింది మూడు చదరపుటడుగులు, అర గజం కూడా లేదు. సర్వే చేసేవాళ్లు 30 డిగ్రీల కన్నా సన్నని మూలలున్న త్రిభుజాలను వీలైనంత వరకు తప్పించుకునేది ఇలాంటి కారణానికే. అందుకే రెండు చిన్న భుజాల మొత్తం పెద్దదాన్ని మించిందా అని చూసి ఊరుకుంటే చాలదు, ఎంత మించిందో చూడాలి. ఒకటి రెండు అడుగులే మించితే, డబ్బు చేతులు మారకముందే మూడు భుజాలనూ టేపు బిగించి మళ్లీ కొలవాలి.

నాలుగు మూలల స్థలానికి ఇంకో జాగ్రత్త ఉంది. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన వైశాల్యం తేలదు. నాలుగు పుల్లల చట్రాన్ని పక్కకు ఒరిగిస్తే భుజాలు మారవు గానీ లోపలి చోటు మారిపోతుంది. కర్ణం చెప్పకుండా వైశాల్యం అడిగేవాణ్ణి భాస్కరుడు పిశాచంతో పోల్చాడు, జవాబు చెప్పేవాణ్ణి అంతకంటే ఘోరంగా తిట్టాడు. కర్ణం గీస్తే స్థలం రెండు త్రిభుజాలవుతుంది. ఒక పక్క భుజాలు 40, 60 అయితే కర్ణం 20కీ 100కీ మధ్య ఉండాలి. రెండో పక్క 30, 50 అయితే 20కీ 80కీ మధ్య. రెండు షరతులకూ కుదరాలంటే 80 దాటకూడదు. కాగితంలో కర్ణం 85 అని ఉంటే మొదటి త్రిభుజం ఒప్పుకుంటుంది, రెండోది ఒప్పుకోదు. టేపు పట్టుకుని వెళ్లాల్సింది ఆ రెండో పక్కకు, ఆ కర్ణం దగ్గరికి.