‘ఎప్పుడు కుదురుతుందండీ?’ అని నాలుగోసారి అడిగే ముందు

కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ ఉన్నారనుకుందాం. డాలస్‌లో ఉంటున్న శ్రీనివాస్ తన ఫ్లాట్ అమ్మకం మీద పన్ను సంగతి ఆయనతో అరగంట మాట్లాడాలి. ‘ఎప్పుడు వీలవుతుంది సార్?’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ‘మీ ఇష్టం అండీ’ అన్నారు ఆడిటర్. ‘శనివారం సాయంత్రం?’ ‘మీ సాయంత్రమా, మాదా?’ ఆ ప్రశ్న చూసేసరికి అక్కడ అర్ధరాత్రి. తెల్లారి జవాబు వచ్చేసరికి ఇక్కడ ఆడిటర్ ఇంకొకరికి ఆ టైం ఇచ్చేశారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. డాలస్‌లో శనివారం సాయంత్రమంటే మనకు ఆదివారం తెల్లవారుజాము. పైగా అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబర్‌లో వాళ్ల ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30. ఆ ఆదివారం దాటితే అదే 9 మనకు 8:30 అవుతుంది. ‘పోయినసారి టైంకే’ అనుకున్న ఇద్దరిలో ఒకరు గంటసేపు ఎదురుచూడాల్సిందే.

ఈ తిప్పలు తప్పించడానికి వచ్చిందే బుకింగ్ లింక్. మన క్యాలెండర్‌లో ఖాళీగా ఉన్న టైములు మాత్రమే అవతలివాళ్లకు, వాళ్ల ఊరి టైంలోనే కనిపిస్తాయి. వాళ్లు ఒకటి నొక్కితే ఇద్దరి క్యాలెండర్లకూ ఎక్కుతుంది. నైజీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ టోపే అవోటోనా 2013లో మొదలుపెట్టిన కాలెండ్లీ వీటిలో బాగా పేరున్నది. గూగుల్ క్యాలెండర్‌లోనూ ఈ సదుపాయం ఉంది.

కానీ లింక్ పంపడం అంత అమాయకమైన పని కాదు. ఫేస్‌బుక్‌లో పనిచేసిన ఇన్వెస్టర్ శామ్ లెసిన్ 2022 జనవరిలో ట్విట్టర్‌లో ఈ లింకుల మీద విరుచుకుపడ్డాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఇంత పచ్చిగా చూపించేది ఇంకోటి లేదన్నది ఆయన ఫిర్యాదు. సిలికాన్ వ్యాలీ రెండు వర్గాలుగా చీలి వాదించుకుంది. అతిశయోక్తే, అయినా మనవాళ్లకు ఆ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. ‘ఎప్పుడు రమ్మంటారు?’ అని మర్యాదగా అడిగితే, జవాబుగా ఒట్టి లింక్ వస్తే టోకెన్ తీసుకుని కూర్చోమన్నట్టే ఉంటుంది.

మన ఆడిటర్ అందుకే రెండో విడత మెసేజీలు కూడా తేలకపోయాక ఇలా రాశారు: ‘శ్రీనివాస్ గారూ, మన ఇద్దరి టైములూ కలవక మిమ్మల్ని తిప్పుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ శనివారం ఉదయం 8 కానీ 9 కానీ నాకు వీలే. అవి కుదరకపోతే ఈ లింక్‌లో మీ డాలస్ టైమే కనిపిస్తుంది, నచ్చింది పెట్టేయండి. అదీ ఇబ్బందైతే ఒక్క మాట చెప్పండి, నేనే పెట్టేస్తాను. సేల్ డీడ్ కాపీ అందింది, చూసి ఉంచుతాను.’

లింక్ కంటే ముందు రెండు టైములు వచ్చాయి, గమనించారా? చాలామంది ‘9 ఓకే’ అని ఊరుకుంటారు, లింక్ జోలికే వెళ్లరు. చివరి వాక్యం ఇంకా ముఖ్యం. ఈ మెసేజ్ వందమందికి పోయింది కాదు, తన కాగితం చూసిన మనిషి రాసింది అని శ్రీనివాస్‌కు తెలుస్తుంది. ఆ తర్వాత బుకింగ్ ఫారం మళ్లీ ‘మీ సమస్య వివరించండి’ అని అడిగితే మాత్రం ఇదంతా వృథా. పేరు, ఈమెయిల్ చాలు, మిగతా గడులు తీసేయాలి.

అసలు తంటా లింక్ వెనక ఉంటుంది. దానికి జతచేసిన క్యాలెండర్ తప్ప మరేదీ అది చదవలేదు. మేనకోడలి గృహప్రవేశం గోడ క్యాలెండర్ మీదే రాసి ఉంటే, ఆ ముహూర్తానికే ఎవరో బుక్ చేసుకుంటారు. అందుకని పంపే ముందు బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, కొత్తవారిలా ఆ లింక్‌ను తామే ఒకసారి చూసుకోవడం మంచిది. రేపొద్దున్నే 6 గంటల టైం ఖాళీగా కనిపిస్తే పని వేళలు సరిగ్గా పెట్టలేదన్నమాట. ఇంకో గంటలోనే టైం దొరుకుతోందంటే కనీస వ్యవధి పెట్టలేదన్నమాట. రెండు కాల్స్ మధ్య పావుగంట విరామం కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

అందరికీ లింక్ నప్పదు. మనకు పని ఉండి పెద్దవారి సమయం కోరుతున్నప్పుడు ‘మీ వీలు చెప్పండి, నేను సర్దుకుంటాను’ అనడమే పద్ధతి. వాళ్లు టైం చెప్పాక బుకింగ్ మనమే చేసి, ఊరి పేరుతో సహా టైం రాసి పంపాలి. మెసేజ్‌లో లింక్ కనబడితే మోసమేమోనని భయపడి తెరవనివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

బుకింగ్ అయ్యాక యంత్రం పంపే మెయిల్ ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది. శ్రీనివాస్ 9 గంటల టైం పెట్టుకున్న వెంటనే ఆడిటర్ వాట్సాప్‌లో ‘మీ శనివారం ఉదయం 9, మాకు రాత్రి 7:30. వీడియో కాల్ నేనే చేస్తాను’ అని రాశారు. అవతలి నుంచి ‘సరే సార్’ అని వచ్చింది.