మాట లేకుండా వచ్చిన ఫోటో

పొద్దున్నే వాట్సాప్‌లో మేనల్లుడి నుంచి ఒక ఫోటో వస్తుంది. ఎర్రటి రాతి గోడల మధ్య లోతుగా నది, పైన అప్పుడే తెల్లవారిన ఆకాశం. కింద ఒక్క మాటా లేదు. ఇదెక్కడో చెప్పమంటున్నాడా, స్టేటస్‌కి రెండు ముక్కలు రాసివ్వమంటున్నాడా, ఫోటో ఎలా వచ్చిందని అడుగుతున్నాడా? బొటనవేలు బొమ్మ పెట్టేస్తే ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు.

ఫోటో వచ్చిన తీరులోనే కొంత తెలుస్తుంది. నిలువుగా, ఫోన్ తెర నిండేలా కత్తిరించి ఉంటే స్టేటస్ ఆలోచన ఉన్నట్టే. ఒకే దృశ్యం కొద్ది తేడాలతో రెండు మూడు వస్తే ఏది బాగుందో చెప్పమని. ప్రయాణం మధ్యలో, ఏ దిద్దుబాటూ లేకుండా ఒక్కటే వస్తే, చాలావరకు చోటు గుర్తుపడతామేమోనన్న సరదా.

చోటు చెప్పడానికి ఫోటోలోని రాళ్లే ఆధారం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో, తీసిన చోటు వివరాలు చెరిగిపోతాయి. ఈ ఫోటో చూడగానే చాలామందికి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ తడుతుంది. అవతలి గట్టును చూడండి. గ్రాండ్ కాన్యన్ సగటున 16 కిలోమీటర్ల వెడల్పు. అవతలి అంచు మంచులో కలిసిపోయిన గీతలా కనిపిస్తుంది. ఇక్కడ ఎదుటి గోడ మీది పొదలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. పేర్చినట్టున్న ఎర్ర రాతి పలకలు, వాటి మధ్య ఇరుకుగా నది. ఇది కడప జిల్లా గండికోట దగ్గర పెన్న లోయ అనిపిస్తుంది. మూలన కోటగోడ ముక్క కనిపిస్తే అనుమానం ఇంకా తగ్గుతుంది. అయినా అడిగి చెప్పడమే మేలు, ఎందుకంటే తప్పు ఊరి పేరుతో రాసిన వ్యాఖ్య స్టేటస్‌లోకి ఎక్కితే నవ్వులపాలయ్యేది అతనే.

కాబట్టి జవాబు ఇలా రాయవచ్చు: "గండికోటేనా రా? పొద్దుటి వెలుగు బాగా దొరికింది. స్టేటస్‌కి ఏమైనా రాసివ్వనా, ఫోటో గురించి చెప్పనా?" అతను చోటు అడిగినా, మెచ్చుకోలు కోరినా అందులో ఉంది, మిగతాది ఒక్క మాటలో తేల్చేస్తాడు.

ఫోటో గురించే చెప్పమన్నాడనుకుందాం. మసకగా ఉందని తొందరపడి అనకూడదు. వాట్సాప్ పంపేటప్పుడు ఫోటోను కుదిస్తుంది, ఆ మసక అక్కడిదే కావచ్చు. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమనాలి. చిన్న కాపీలోనూ నమ్మకంగా చెప్పగలిగినవి వేరే ఉన్నాయి: అవతలి గట్టు అంచు ఒరిగిందా, ఆకాశం తెల్లగా పాలిపోయిందా. లోయ నీడలో, ఆకాశం వెలుగులో ఉన్నప్పుడు ఫోన్ నీడను చూపించబోయి పైభాగాన్ని పాడుచేస్తుంది. తెరమీద ఆకాశం దగ్గర వేలితో తాకి, వెలుగు కాస్త తగ్గించి మళ్లీ తీయమని చెప్పండి. అతను ఇంకా అక్కడే ఉంటే, ఎండ లోయలోకి దిగేలోపు ఇంకోటి తీసుకోగలడు.