200 సెకన్లను నలుగురికి పంచడం ఎలా?

2023 ఆగస్టులో బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో అనస్, అమోజ్ జేకబ్, అజ్మల్, రాజేశ్ రమేశ్‌ల జట్టు 4×400 మీటర్ల రిలే హీట్‌ను 2 నిమిషాల 59.05 సెకన్లలో పూర్తిచేసి ఆసియా రికార్డు నెలకొల్పింది. దాన్ని నాలుగుతో భాగిస్తే తలకు 44.76 సెకన్లు. అప్పటికి 400 మీటర్లలో మన జాతీయ రికార్డు 45.21. ఒంటరి పరుగులో ఏ భారతీయుడూ అందుకోని సమయాన్ని ఆ నలుగురూ సగటున ఎలా సాధించారు?

ఒంటరి పరుగులో గన్ మోగాక, నిలబడ్డ చోటి నుంచి వేగం పుంజుకోవాలి. రిలేలో ఆ భారం మొదటివాడికే. మిగతా ముగ్గురూ బ్యాటన్ చేతికి వచ్చేసరికే కదులుతూ ఉంటారు. లెక్కకు వచ్చేది మనిషి బయల్దేరిన క్షణం కాదు, బ్యాటన్ గీత దాటిన క్షణం. ఇలా ఒక్కొక్కరికి దాదాపు అర సెకను నుంచి ఒక సెకను దాకా కలిసివస్తుంది. అందుకే లక్ష్యాన్ని పంచేముందు ఈ లాభాన్ని తీసేయాలి.

ఒక కాలేజీ జట్టు 3 నిమిషాల 20 సెకన్లు, అంటే 200 సెకన్లు లక్ష్యంగా పెట్టుకుందనుకుందాం. కుర్రాళ్ల ఒంటరి సమయాలు 49.2, 50.4, 51.6, 53.6. మొత్తం 204.8. తలకు 50 సెకన్లని పంచితే మొదటివాడికి పనే ఉండదు, చివరివాడికి అసాధ్యం. 50.4 వాడు ముందు పరుగెత్తుతాడు. అతని తర్వాత 51.6, 53.6 వాళ్లు వరుసగా వస్తారు, అందరికంటే వేగమైనవాడు ముగిస్తాడు. చివరి ముగ్గురికీ 0.7 సెకను చొప్పున తగ్గిస్తే వరుసగా 50.4, 50.9, 52.9, 48.5 వస్తాయి. మొత్తం 202.7. ఇంకా కోయాల్సింది 2.7 సెకన్లే.

ఈ కోతను సమానంగా పంచడం చాలామంది చేసే పని. కానీ 48 సెకన్లలో పరుగెత్తేవాడికి 0.7 సెకను తగ్గించడం 53 సెకన్లవాడికంటే కష్టం. అందుకే ప్రతి సమయాన్నీ ఒకే నిష్పత్తిలో, అంటే 202.7 స్థానంలో 200 వచ్చేలా తగ్గించాలి. అప్పుడు 49.7, 50.2, 52.2, 47.9 వస్తాయి. కూడి చూడండి, సరిగ్గా 200.

నా ఉద్దేశంలో నిష్పత్తి దగ్గర ఆగిపోకూడదు. వేగమైనవాడు రెండు సీజన్లుగా 49.2 దగ్గరే ఆగిపోయి ఉంటే, 53.6 వాడు 800 మీటర్ల నుంచి ఈమధ్యే ఇటు వచ్చినవాడైతే, ఎదిగే చోటు ఎవరిదో తెలుస్తూనే ఉంది. మొదటివాడి నుంచి 0.3 సెకను తీసి రెండోవాడి మీద వేస్తే 48.2, 51.9 అవుతాయి. మొత్తం మారదు. ఈ సవరణ చేయాల్సింది నెలల తరబడి వాళ్ల పరుగు చూసిన కోచ్ మాత్రమే.

ఇక పరుగులో జరిగే పొరపాటు చూద్దాం. కదులుతూ బ్యాటన్ అందుకున్న కుర్రాడు పక్క జట్టువాణ్ణి చూసి ఎగబడతాడు. 51.9 లక్ష్యమున్నవాడు మొదటి 200 మీటర్లు 25 సెకన్లకు కాస్త అటూ ఇటూ ముగించాలి. అక్కడే 23.5 కనబడితే, ఆ ఒకటిన్నర సెకను చివరి వంద మీటర్లలో వడ్డీతో సహా పోతుంది. భుజాలు బిగుసుకుంటాయి, అడుగు పొట్టిదవుతుంది. ఆ 200 గుర్తు దగ్గర ఒకరిని స్టాప్‌వాచ్‌తో నిలబెట్టాలి. మొత్తం సమయం ఒక్కటే చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

ఆ స్టాప్‌వాచ్ ఎక్కడ నొక్కుతున్నామన్నదీ ముఖ్యమే. ఈ రిలేలో మొదటి చుట్టు, రెండోవాడి మొదటి మలుపు ఎవరి లేన్‌లో వాళ్లే పరుగెత్తాలి. అందువల్ల బయటి లేన్లలో మొదటి మార్పిడి గుర్తు ముగింపు గీతకన్నా ముందుకు జరిగి ఉంటుంది. ఐదో లేన్‌లో అది సుమారు 15 మీటర్లు. ముగింపు గీత దగ్గరే నొక్కితే మొదటివాడికి దాదాపు రెండు సెకన్లు ఉచితంగా వస్తాయి, రెండోవాడి ఖాతాలో అంతే భారం పడుతుంది. 49.7 లక్ష్యమున్నవాడు 48లోపు వచ్చాడని అందరూ మెచ్చుకుంటారు. రెండోవాడు మాత్రం చేయని తప్పుకు తిట్లు తింటాడు, కొన్నిసార్లు జట్టులోంచే పోతాడు. మొదటి ఇద్దరి సమయాలూ కలిపి చూస్తే సరిగ్గానే ఉండి, విడివిడిగా చూస్తే ఒకటి నమ్మలేనంత తక్కువగా, రెండోది నమ్మలేనంత ఎక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది వాచీ పట్టుకున్నవాడు నిలబడ్డ చోటునే.