పదహారు లక్షల జీతం, రెండు లెక్కలు

ఆర్థిక సంవత్సరం మొదలవగానే కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఈ ఏడాది మీ టీడీఎస్ పాత విధానంలో కోయాలా, కొత్త విధానంలో కోయాలా చెప్పమంటారు. చాలామంది పక్క సీటులో ఉన్నవారు ఏది పెట్టారో అడిగి అదే పెట్టేస్తారు. అసలు జవాబే ఇవ్వకపోతే 2023-24 నుంచి కొత్త విధానమే వర్తిస్తుంది. అయితే పక్క సీటువారికి సరిపోయింది మనకూ సరిపోతుందన్న హామీ ఏమీ లేదు. జీతం ఒకటే అయినా ఇంటద్దె, గృహరుణం వేరైతే జవాబు మారిపోతుంది. కాగితం మీద లెక్క వేసుకోవడమే దారి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఒక ఉద్యోగి 2025-26 స్థూల జీతం 16 లక్షలు. అందులో బేసిక్ 8 లక్షలు, హెచ్ఆర్ఏ 3.20 లక్షలు. అద్దె నెలకు 22,000, అంటే ఏడాదికి 2,64,000. పీఎఫ్‌కు తన వాటా 12 శాతం చొప్పున 96,000 జీతంలోంచే పోతుంది. జీవిత బీమా ప్రీమియం 54,000 కడతాడు. ఆ రెండూ కలిపితే సరిగ్గా 80సీ పరిమితి లక్షన్నర నిండుతుంది. కుటుంబానికి ఆరోగ్య బీమా 25,000.

కొత్త విధానం లెక్క చిన్నది కాబట్టి ముందు అదే చూద్దాం. ఇందులో అద్దె, బీమా, 80సీ ఏవీ చెల్లవు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను పడే ఆదాయం 15,25,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, అంటే 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40,000. మిగిలిన 3,25,000 మీద 15 శాతం, 48,750. మొత్తం 1,08,750. దానిపై 4 శాతం సెస్సు కలిపితే 1,13,100.

పాత విధానంలో స్లాబుల కంటే ముందు మినహాయింపులు తేల్చుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది హెచ్ఆర్ఏ దగ్గరే. కట్టిన అద్దె అంతా మినహాయింపు అనుకుంటారు. అలా ఉండదు. మూడు అంకెలు రాసుకుని తక్కువది తీసుకోవాలి: కంపెనీ ఇచ్చిన హెచ్ఆర్ఏ, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదోవంతు తీసేస్తే మిగిలేది. డీఏ ఉంటే దాన్నీ బేసిక్‌తో కలుపుకోవాలి. 2025-26 నిబంధనల్లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే 50 శాతం. హైదరాబాద్ ఎంత పెద్ద నగరమైనా 40 శాతమే. మన ఉద్యోగికి మొదటి రెండూ 3,20,000 చొప్పున వస్తాయి. మూడోది 2,64,000లోంచి 80,000 పోగా 1,84,000. మినహాయింపు అంతే.

ఇప్పుడు 16 లక్షల నుంచి హెచ్ఆర్ఏ 1,84,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సీ 1,50,000, ఆరోగ్య బీమా 25,000 తీసేస్తే 11,88,600 మిగులుతుంది. రెండున్నర లక్షల దాకా పన్ను లేదు. 5 లక్షల దాకా 5 శాతం, అంటే 12,500. 10 లక్షల దాకా 20 శాతం, లక్ష. ఆపైన 1,88,600 మీద 30 శాతం, 56,580. మొత్తం 1,69,080. సెస్సుతో 1,75,843.

కొత్త విధానంలో దాదాపు 62,700 తక్కువ. నాలుగు లక్షల పైన మినహాయింపులు చూపించి కూడా పాత విధానం ఇంత వెనకబడిందంటే కారణం స్లాబుల్లో ఉంది. అక్కడ 10 లక్షలు దాటగానే 30 శాతం. కొత్తదానిలో ఆ రేటు 24 లక్షలు దాటితే గానీ రాదు.

మరి పాతది గెలవాలంటే ఎంత మినహాయింపు కావాలి? లెక్కను వెనక నుంచి చేస్తే తెలుస్తుంది. సెస్సుకు ముందు పన్ను 1,08,750కి దిగాలంటే పాత విధానంలో ఆదాయం 9,81,250కి తగ్గాలి. అంటే 16 లక్షల జీతానికి మొత్తం 6,18,750 మినహాయింపు ఉండాలి. మన ఉద్యోగికి ఉన్నవి 4,11,400. లోటు 2,07,350.

అతనికి గుంటూరులో సొంత ఇల్లు ఉందనుకుందాం. తల్లిదండ్రులు ఉంటున్నారు, ఇంటిరుణం మీద ఏటా వడ్డీ 2 లక్షలు దాటుతోంది. హైదరాబాద్‌లో అద్దెకుంటూ హెచ్ఆర్ఏ తీసుకుంటూనే ఆ వడ్డీకీ 2 లక్షల దాకా మినహాయింపు తీసుకోవచ్చు. వాయిదాలో అసలు భాగం 80సీలోకి వస్తుంది కానీ అది ఇప్పటికే నిండిపోయింది. ఆదాయం 9,88,600కి తగ్గి, సెస్సుతో పన్ను 1,14,629 అవుతుంది. ఇంత చేసినా కొత్త విధానమే ఇంకా పదిహేను వందలు చవక! అదనంగా ఎన్‌పీఎస్‌లో 50,000 వేస్తేనే తూకం అటు తిరుగుతుంది. పన్ను 1,04,229కి దిగి 8,871 మిగులుతుంది. ఆ తొమ్మిది వేల లోపు లాభం కోసం యాభై వేలు దీర్ఘకాలం పక్కన పెట్టాలి. పింఛను కోసం ఎలాగూ పెట్టాలనుకున్నవారికి ఇది లాభమే. పన్ను కోసమే పెట్టేవారికి నా దృష్టిలో కాదు. పైగా రుణం పాతబడేకొద్దీ వాయిదాలో వడ్డీ తగ్గుతుంది. అది 2 లక్షల కిందికి రాగానే ఈ లాభం కరగడం మొదలవుతుంది. అందుకే ఈ లెక్క ఏటా వేయాల్సిందే.

ఎన్‌పీఎస్‌లో మరో రకం ఉంది. మన జీతంలో భాగంగా కంపెనీయే కట్టే వాటాకు, బేసిక్‌లో 14 శాతం దాకా, కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. మన ఉద్యోగికి అది 1,12,000. అదే పదహారు లక్షల్లోంచి ఆ మేరకు మళ్లించడానికి కంపెనీ ఒప్పుకుంటే పన్ను మరో 17,472 తగ్గుతుంది. మినహాయింపులు పోయాయని బాధపడేవారు హెచ్‌ఆర్ విభాగాన్ని ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

జీతం 12.75 లక్షల లోపు ఉన్నవారికి ఈ శ్రమ చాలావరకు అక్కర్లేదు. కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. పాతదానిలో సున్నా కావాలంటే ఆదాయం 5 లక్షలకు దిగాలి. అయితే షేర్లు అమ్మగా వచ్చిన లాభం లాంటి ప్రత్యేక రేటు ఆదాయం మీద పన్నుకు ఈ రిబేటు వర్తించదు. జీతం 12.75 లక్షలు కొద్దిగా దాటితే ఒక్కసారిగా అరవై వేలు మీద పడతాయన్న భయమూ అనవసరం. 13 లక్షల జీతానికి స్లాబు లెక్క 63,750 వచ్చినా, 12 లక్షలు దాటిన 25,000కు మించి పన్ను తీసుకోరు. సెస్సుతో 26,000.

జీతం 24.75 లక్షలు దాటాక రెండు విధానాల్లోనూ పై రేటు 30 శాతమే కాబట్టి గుర్తు కూడా కదలదు. స్టాండర్డ్ డిడక్షన్ కాక 8 లక్షల పైన మినహాయింపులు ఉంటేనే పాతది లాభం.

కంపెనీకి ఏప్రిల్‌లో చెప్పింది టీడీఎస్ కోసమే. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి రిటర్నులో మనసు మార్చుకోవచ్చు. కానీ పాతది కావాలంటే గడువులోగా, సాధారణంగా జూలై 31 లోపు, రిటర్ను వేయాలి. గడువు దాటి వేసే రిటర్నులో పాత విధానం దొరకదు. జీతంతోపాటు వ్యాపారమో, సొంత ప్రాక్టీసో ఉన్నవారు పాతదానికి ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. వారు ఏటా అటూ ఇటూ మారడానికి లేదు. ఒకసారి పాతది ఎంచుకుని కొత్తదానికి తిరిగొస్తే, ఆ వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లలేరు.